ఎక్సెల్‌లో జమకి ఒక రంగు, బాకీకి ఒక రంగు, సున్నాకి ఒక రంగు: నోటీసు బోర్డు మీద గొడవైంది, సాయం చేయండి

బెజవాడ 302 · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో 48 ఫ్లాట్లు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యానని ట్రెజరర్ పని నా నెత్తిన పెట్టారు. ప్రతి ఫ్లాటుకీ కట్టిన మొత్తంలోంచి మెయింటెనెన్స్ బిల్లు తీసేస్తే వచ్చేది ఒక కాలమ్‌లో ఉంటుంది. ముందే కట్టినవాళ్ళకి ప్లస్, బాకీ ఉన్నవాళ్ళకి మైనస్, సరిపోయినవాళ్ళకి సున్నా.

అంకెలు ముట్టుకోకుండా రంగులు మాత్రమే రావాలని మా మేనల్లుడిని అడిగితే ఫోన్‌లోనే ఇది చెప్పాడు. Ctrl+1 నొక్కి, Custom లోకి వెళ్ళి, Type అన్న చోట పెట్టాను.

```
[Green]#,##0;[Red]#,##0;0
```

స్క్రీన్ మీద ముచ్చటగా ఉంది. ఈ ఉదయం ప్రింట్ తీసి లిఫ్ట్ పక్కన అంటించాను. మా ప్రింటర్ నలుపు తెలుపుది. 101 వాళ్ళు 6,000 ముందే కట్టి ఉన్నారు. 204 వాళ్ళు 6,000 బాకీ. కాగితం మీద ఇద్దరికీ ఒకేలా 6,000 అని పడింది, అదీ ఒకే బూడిద రంగులో. పైన నేను పెట్టిన హెడ్డింగ్ "బాకీల పట్టిక". 101 ఆయన తొమ్మిదింటికల్లా తలుపు కొట్టారు. ఇంకేం చెప్పమంటారు!

మైనస్ ఎక్కడికి పోయింది? అంకె మారిపోయిందేమోనని భయపడి మొత్తం కూడి చూశాను, కూడిక సరిగ్గానే ఉంది.

---

ఫార్ములా బ్రో · ఆదివారం రాత్రి 9:58

మాస్టారూ, కస్టమ్ ఫార్మాట్ పాత పద్ధతి. హోమ్‌లో కండిషనల్ ఫార్మాటింగ్ ఉంటుంది, మూడు రూల్స్ పెట్టేయండి, రెండు నిమిషాల పని. మైనస్ దాని పాటికి అదే ఉంటుంది.

కస్టమే కావాలంటే సున్నాకి మూడో ముక్క అక్కర్లేదు, రెండు ముక్కలు చాలు. సున్నా మామూలు నలుపులో వస్తుంది. ఇంకా మంచి రంగులు కావాలంటే `[#1F7A3D]` లాగా హెక్స్ కోడ్ కూడా పెట్టొచ్చు అనుకుంటా.

---

చిట్టా ఆవర్జా · ఆదివారం రాత్రి 10:25

మాస్టారూ, అంకె మారలేదు, కంగారు పడకండి. సెల్ లోపల −6000 అలాగే ఉంది కాబట్టే కూడిక సరిపోయింది. పోయింది మైనస్ గుర్తు, అదీ పైకి కనిపించడంలోనే.

కారణం ఇది. ఫార్మాట్‌లో ఒక్క ముక్కే రాస్తే, అంటే `#,##0` అని ఊరుకుంటే, మైనస్‌ని ఎక్సెలే పెడుతుంది. సెమికోలన్ పెట్టి రెండో ముక్క రాశారనుకోండి, "మైనస్ అంకె ఎలా కనిపించాలో ఈయనే చెబుతున్నాడు, మనకెందుకు" అని తప్పుకుంటుంది. మా అకౌంట్స్ వాళ్ళలో చాలామంది మైనస్ బదులు బ్రాకెట్ పెడతాం. అక్కడ మళ్ళీ మైనస్ వస్తే అసహ్యంగా ఉంటుంది కదా, అందుకే ఆ ఏర్పాటు. మీ మేనల్లుడు రెండో ముక్కలో రంగు పెట్టి గుర్తు మర్చిపోయాడు. ఇలా ఉండాలి:

```
[Green]#,##0;[Red]-#,##0;0
```

బ్రో చెప్పినదాంట్లో రెండు సరిచేయాలి. రెండే ముక్కలు రాస్తే సున్నా నలుపులో రాదు, మొదటి ముక్కలోకి వెళ్ళి పచ్చగా వస్తుంది. ఏ బాకీ లేని ఫ్లాటూ, ముందే కట్టిన ఫ్లాటూ ఒకే రంగులో ఉంటాయి. మాస్టారికి కావలసింది అది కాదు. ఇక హెక్స్ కోడ్ ఎక్సెల్ ఒప్పుకోదు, ఓకే నొక్కగానే తప్పు అంటుంది. పేరుతో రాసే రంగులు ఎనిమిదే. అవి చాలకపోతే `[Color1]` నుంచి `[Color56]` దాకా నంబర్లున్నాయి. రంగు మాత్రం ఆ ముక్కలో మొట్టమొదట ఉండాలి.

ఏ ముక్క దేనికి పనిచేస్తోందో అనుమానం వస్తే నాలుగు ఖాళీ సెల్స్‌లో 5, −5, 0, ఏదో ఒక మాట కొట్టి ఆ ఫార్మాట్ పెట్టి చూడండి. నేను ఇరవై ఏళ్ళుగా ఇదే చేస్తున్నాను, ఇప్పటికీ నాకు అనుమానమే.

---

ఫార్ములా బ్రో · ఆదివారం రాత్రి 10:31

అక్కా, హెక్స్ ఇప్పుడే ట్రై చేశా, నిజమే, తీసుకోలేదు. సున్నా కూడా పచ్చగానే వచ్చింది 🙏 కానీ కండిషనల్ ఫార్మాటింగ్ మాత్రం తప్పెలా అవుతుంది?

---

చిట్టా ఆవర్జా · ఆదివారం రాత్రి 10:44

తప్పని నేననలేదు తమ్ముడూ. నచ్చిన రంగు పెట్టుకోవాలన్నా, సెల్ వెనక రంగు వేయాలన్నా అదే గతి. కస్టమ్ ఫార్మాట్ అక్షరాల రంగే మారుస్తుంది. కానీ నెలనెలా అడ్డవరసలు కాపీ పేస్ట్ చేసే షీట్లలో ఆ రూల్స్ ముక్కలు ముక్కలవుతాయి. ఏడాది తర్వాత రూల్స్ జాబితా తెరిస్తే ఒకే రూల్ పద్దెనిమిది చోట్ల ఉంటుంది. ఏది దేనికో ఎవరికీ తెలియదు. ఫార్మాట్ అయితే సెల్‌తోపాటే వెళ్తుంది. మాస్టారి పనికి అదే సుఖం.

---

మిర్చి యార్డు · ఆదివారం రాత్రి 11:05

నాదీ ఇదే ప్రాబ్లం. బ్యాంకు స్టేట్‌మెంట్ దింపుకున్నా. అందులో "12,500.00 Dr" అని, "40,000.00 Cr" అని ఉంటది. Dr ఉన్నవన్నీ ఎర్రగా రావాలి. పైన అక్క చెప్పిన ఫార్మాట్ పెట్టా, ఒక్కటి కూడా రంగు మారలా. నా ఎక్సెల్ పైరసీ కాపీ అనా?

---

ఎరుపో పచ్చో · సోమవారం ఉదయం 7:12

మాస్టారూ, ప్రింటర్ సంగతి అలా ఉంచండి. నాలాంటివాడికి కలర్ ప్రింట్ తీసిచ్చినా మీ నోటీసు చదవడం రాదు. నాకు ఎరుపు, పచ్చ తేడా తెలియదు. ఆఫీసులో అందరూ "ఎర్రవి చూడు" అంటారు, నేను తలూపి మైనస్ గుర్తు కోసం వెతుక్కుంటా. ఆ గుర్తు కూడా తీసేస్తే ఇక నా పని గోవిందా. 48 ఫ్లాట్లలో నాలాంటివాడు ఒక్కడైనా ఉంటాడు. పాపం, పైకి చెప్పడు.

నీలం, ఎరుపు పెడితే నాకు బానే తెలుస్తుంది. ఇంకో మాట, ఆ `[Green]` అనేది అందరూ చిలకపచ్చ అంటారు కదా, తెల్ల కాగితం మీద నాకసలు అక్షరమే ఆనదు.

---

బెజవాడ 302 · సోమవారం ఉదయం 8:30

ఎరుపో పచ్చో గారూ, ఈ సంగతి నాకు తట్టనే లేదు. 35 ఏళ్ళు బోర్డు మీద ఎర్ర సుద్దతో తప్పులు దిద్దినవాడిని. వెనక బెంచీల్లో ఎవరికి కనిపించిందో ఎవరికి కనిపించలేదో!

అమ్మా చిట్టా ఆవర్జా గారూ, మైనస్ పెడితే నాకు అర్థమవుతుంది కానీ మా వాళ్ళలో సగంమందికి మైనస్ అంటే వాళ్ళు మాకివ్వాలా, మేం వాళ్ళకివ్వాలా అన్న మీమాంస. అంకెతోపాటు మాట వచ్చే దారి ఉందా? పక్క కాలమ్‌లో "బాకీ" అని టైపు చేస్తే వచ్చే నెల అంకె మారినా ఆ మాట అక్కడే ఉండిపోతుంది.

---

చిట్టా ఆవర్జా · సోమవారం ఉదయం 9:15

ఉంది మాస్టారూ. కోట్స్ మధ్యలో ఏ మాటైనా రాయొచ్చు, తెలుగైనా సరే. ఇది పెట్టండి:

```
[Blue]"అడ్వాన్స్ "#,##0;[Red]"బాకీ "#,##0;[Color16]"సరి";[Magenta]@
```

ప్లస్ ఉంటే నీలంలో "అడ్వాన్స్ 6,000". మైనస్ ఉంటే ఎరుపులో "బాకీ 6,000". సున్నా అయితే బూడిద రంగులో "సరి" అని మాత్రమే. మాట చెబుతోంది కాబట్టి ఇక్కడ మైనస్ లేకపోయినా నష్టం లేదు. నలుపు తెలుపు ప్రింటులో కూడా 101కీ 204కీ తేడా తెలుస్తుంది. పచ్చే కావాలంటే `[Color10]` ముదురు పచ్చ, అది కాగితం మీద ఆనుతుంది.

ఇన్ని మాటలు కనిపిస్తున్నా సెల్ లోపల ఉన్నది అంకే. SUM పనిచేస్తుంది. వచ్చే నెల −6000 కాస్తా 500 అయితే "బాకీ" పోయి "అడ్వాన్స్" దానంతటదే వస్తుంది, రంగుతో సహా.

నాలుగో ముక్క మిర్చి యార్డు గారి కోసం, మీకూ పనికొస్తుంది. సెల్‌లో ఉన్నది అంకె కాకుండా అక్షరాలైతే ఆ ముక్కలోకి వెళ్తుంది. చూడ్డానికి అంకెలాగే ఉండి, ఎక్సెల్ లెక్కలో మాత్రం అక్షరాలైన సరుకు ఉంటుంది చూశారా, అది గులాబీ రంగులో బయటపడిపోతుంది. నేను ఎవరి షీట్ తెరిచినా ముందు ఈ `[Magenta]@` పెట్టి చూస్తాను. దొంగలు దొరుకుతారు.

మిర్చి యార్డు గారూ, మీ ఎక్సెల్ మంచిదే. "12,500.00 Dr" అన్నది ఎక్సెల్‌కి మాట, అంకె కాదు. ఫార్మాట్ మాట లోపలికి తొంగి చూసి Dr ఉందా Cr ఉందా అని తేల్చదు. ముందు పక్క కాలమ్‌లో దాన్ని అంకె చేయాలి:

```
=SUBSTITUTE(LEFT(TRIM(B2),LEN(TRIM(B2))-2),",","")*IF(RIGHT(TRIM(B2),2)="Dr",-1,1)
```

చివరి రెండక్షరాలు తీసేసి, కామాలు తీసేసి, Dr అయితే మైనస్ ఒకటితో హెచ్చిస్తుంది. ఆ కాలమ్‌కి రంగుల ఫార్మాట్ పెట్టుకోండి.

---

మిర్చి యార్డు · సోమవారం ఉదయం 9:50

అబ్బ, వచ్చింది అక్కా! కానీ కొన్ని లైన్లకి `#VALUE!` అంటంది. చూస్తే అన్నీ ఒకేలా ఉన్నయ్. ఒకదాంట్లో Dr తీసి మళ్ళీ టైపు చేస్తే సరైంది. ఆరొందల లైన్లు, ఎన్నని టైపు చేసేది.

---

ఫార్ములా బ్రో · సోమవారం ఉదయం 10:02

ఇది నాకు తెలుసు 😎 వెబ్‌సైట్ నుంచి వచ్చిన డేటాలో చివర స్పేస్‌లాంటిది ఒకటి ఉంటుంది, అది మామూలు స్పేస్ కాదు. TRIM దాన్ని తీయదు. `=CODE(RIGHT(B2,1))` కొట్టండి, 160 వస్తే అదే. అప్పుడు ఫార్ములాలో B2 ఉన్న ప్రతిచోటా `SUBSTITUTE(B2,CHAR(160),"")` అని మార్చండి.

---

చిట్టా ఆవర్జా · సోమవారం ఉదయం 10:10

బ్రో చెప్పింది అక్షరాలా నిజం.

---

బెజవాడ 302 · సోమవారం మధ్యాహ్నం 2:20

పెట్టాను. మొదట కాలమ్ నిండా ####### వచ్చేసరికి గుండె ఆగినంత పనైంది. మనవడు వచ్చి కాలమ్ వెడల్పు పెంచాడు, అంతే. "అడ్వాన్స్" అన్న మాటకి చోటు చాలక అలా అయిందట.

ఇప్పుడు మూడు సంగతులు.

ఒకటి, గులాబీ దొంగ నిజంగానే దొరికాడు. "కట్టినది" అన్న కాలమ్‌కి కూడా చివర `[Magenta]@` వచ్చేలా ఫార్మాట్ పెట్టాను. 307 వాళ్ళ 3,000 గులాబీ అయిపోయింది. రెండు నెలలుగా బ్యాంకు పుస్తకానికీ నా వసూళ్ళ మొత్తానికీ సరిగ్గా 3,000 తేడా వస్తోంది, అదెక్కడిదో తెలియక నిద్ర పట్టలేదు. వింత ఏమిటంటే 307 వాళ్ళ నిల్వ మాత్రం సరిగ్గానే ఉంది.

రెండు, 405 వాళ్ళకి ఎరుపులో "బాకీ 0" అని వస్తోంది. సున్నా అయితే "సరి" అని కదా రావాలి?

మూడు, మా సెక్రటరీ గారికి బాకీలవాళ్ళ జాబితా మాత్రమే కావాలి. ఫిల్టర్‌లో రంగును బట్టి వడపోసే చోటికి వెళ్తే నా ఎరుపు అక్కడ లేనే లేదు.

---

చిట్టా ఆవర్జా · సోమవారం సాయంత్రం 6:40

ఆఫీసు నుంచి ఇప్పుడే వచ్చాను. వరసగా చెబుతాను.

307: అక్షరంగా ఉన్న 3000లోంచి ఇంకో అంకెని తీసివేయమంటే ఎక్సెల్ ఆ 3000ని తనే అంకెగా మార్చుకుని తీసివేస్తుంది. అందుకే వాళ్ళ నిల్వ బాగుంది. SUM అలా చేయదు, పైనుంచి కిందికి కూడుకుంటూ వెళ్ళి అక్షరాలు కనిపిస్తే చప్పుడు చేయకుండా దాటిపోతుంది. మీ తేడా అదే. బహుశా ఆ సెల్‌ని ఎవరో ఎప్పుడో టెక్స్ట్‌గా పెట్టి ఉంటారు. ఇప్పుడు ఫార్మాట్ మార్చినా లోపలిది అక్షరంగానే ఉంటుంది. ఆ సెల్‌లో F2 నొక్కి ఎంటర్ కొట్టండి, గులాబీ పోతుంది, మొత్తం సరిపోతుంది.

ఫిల్టర్: ఫార్మాట్ వేసిన రంగు అక్కడికి చేరదు. ఎక్సెల్ దృష్టిలో ఆ సెల్ అక్షరాల రంగు ఇంకా నలుపే, ఎరుపు చూపిస్తోంది ఫార్మాట్ మాత్రమే. పైన ఫాంట్ కలర్ బటన్ నొక్కి మార్చబోయినా మారకపోవడం ఇందుకే, ఫార్మాట్ రంగే గెలుస్తుంది. మీరు నంబర్ ఫిల్టర్‌లో సున్నా కన్నా తక్కువ అని అడగండి, బాకీలన్నీ వస్తాయి. అంకె అంకెగానే ఉంది కదా.

405 సంగతి: ఆ సెల్ ఫార్మాట్‌ని కాసేపు General చేసి ఏమొస్తుందో చెప్పండి.

---

బెజవాడ 302 · సోమవారం సాయంత్రం 7:05

−0.25 వచ్చింది. అర్థమైంది! చదరపు అడుగుకి 2.75 చొప్పున, వాళ్ళది 1,135 అడుగులు. బిల్లు 3,121.25. వాళ్ళు 3,121 పంపారు. పావలా బాకీ.

---

చిట్టా ఆవర్జా · సోమవారం సాయంత్రం 7:22

అదే. ఏ ముక్క వాడాలన్నది ఎక్సెల్ లోపలి అసలు అంకెను చూసి నిర్ణయిస్తుంది. −0.25 మైనస్ కాబట్టి రెండో ముక్క, ఎరుపు, "బాకీ". ఆ తర్వాత `#,##0` ప్రకారం పైసలు లేకుండా రాస్తుంది కాబట్టి 0. ముందు రంగు, తర్వాత సవరింపు. అటు పక్కన కూడా అంతే, 0.30 ఉంటే "అడ్వాన్స్ 0" వస్తుంది.

పైసలే లేని చోట కూడా ఇది రావచ్చు. ఖాళీ సెల్‌లో ఇది కొట్టి అదే ఫార్మాట్ పెట్టి చూడండి:

```
=1*(0.5-0.4-0.1)
```

మన లెక్కలో సున్నా. ఎక్సెల్ లెక్కలో సున్నాకి వెంట్రుకవాసి కింద, −2.78E-17. లోపల సున్నా, ఒకటి అనే రెండంకెలతోనే దాచుకుంటుంది కాబట్టి 0.1 లాంటివి సరిగ్గా ఇమడవు. అది కూడా ఎర్రగా "బాకీ 0" అంటుంది.

మీకు రెండు దారులు. ఫార్మాట్‌లో `#,##0` బదులు `#,##0.00` పెడితే "బాకీ 0.25" అని నిజం కనిపిస్తుంది, అంకె జోలికి వెళ్ళనక్కర్లేదు. లేదంటే బిల్లు వేసే చోటే రూపాయికి సవరించండి:

```
=ROUND(2.75*1135,0)
```

3,121 అవుతుంది, 405 వాళ్ళకి "సరి" వస్తుంది. నేనైతే రెండోదే చేస్తాను.

---

ఫార్ములా బ్రో · సోమవారం సాయంత్రం 7:30

అక్కా ఆగండి. మాస్టారు మొదట్నుంచీ అంటున్నది "అంకె ముట్టుకోకుండా" అని. ROUND పెడితే అంకె మార్చినట్టే కదా? ఫార్మాట్ ఊరికే చూపిస్తుంది, ROUND నిజంగా మారుస్తుంది. నెలకి పావలా అంటే ఏడాదికి మూడు రూపాయలు పోతాయి.

---

చిట్టా ఆవర్జా · సోమవారం సాయంత్రం 7:41

నువ్వన్నది నిజమే, మారుస్తుంది. అందుకే నిల్వ కాలమ్‌లో కాకుండా బిల్లు దగ్గర చేయమన్నాను. బిల్లు రూపాయల్లోనే వేస్తాం అని అసోసియేషన్ అనుకుంటే అది రంగుల విషయం కాదు, వాళ్ళ నిర్ణయం. నిల్వ దగ్గర ROUND పెడితే మాత్రం పావలాలు ఎక్కడో పేరుకుని ఒకరోజు మొత్తంలో తేలతాయి.

---

డల్లాస్ శ్రీను · సోమవారం రాత్రి 9:15

మా నాన్నగారి అపార్ట్‌మెంట్ లెక్కలు కూడా ఇలాగే షీట్‌లో వస్తాయి. నాదో చిన్న డౌట్. ఆయన కంప్యూటర్‌లో 14,62,300 అని లక్షల్లో కామాలు పడతాయి. అదే ఫైల్ నేను తెరిస్తే 1,462,300 వస్తుంది. నెట్‌లో ఒక ఫార్మాట్ దొరికింది, అది పెడితే లక్షలు వచ్చాయి:

```
[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0
```

కానీ మైనస్‌వి పాత పద్ధతిలోనే ఉన్నాయి. దీనికి ఎరుపు ఎలా కలపాలి?

---

చిట్టా ఆవర్జా · సోమవారం రాత్రి 9:40

కలవదు శ్రీను గారూ. ఒక ఫార్మాట్‌లో షరతులు రెండే పడతాయి, మూడో ముక్క "మిగిలినవన్నీ". మీ షరతులు రెండూ కోటికీ లక్షకీ అయిపోయాయి. మైనస్ అంకెలన్నీ, వేలల్లో ఉన్న ప్లస్‌లూ, సున్నా అన్నీ కలిసి మూడో ముక్కలో పడ్డాయి. అక్కడ ఎరుపు పెడితే 500 అడ్వాన్స్ కూడా ఎర్రబడుతుంది.

నాన్నగారి దగ్గర లక్షల కామాలు వస్తున్నది ఫార్మాట్ వల్ల కాదు, విండోస్‌లో రీజియన్ సెట్టింగ్ ఇండియా ఉన్నందువల్ల. `#,##0` లోని కామా "ఈ కంప్యూటర్ అలవాటు ప్రకారం విడగొట్టు" అని మాత్రమే చెబుతుంది. మీరూ కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్ తెరిచి, Additional settings లో Digit grouping ని 12,34,56,789 చేసుకుంటే మాస్టారి రంగుల ఫార్మాట్ యథాతథంగా లక్షల్లో వస్తుంది. కాకపోతే మీ మిగతా ఫైల్స్ అన్నీ కూడా లక్షల్లోనే కనిపిస్తాయి.

---

డల్లాస్ శ్రీను · సోమవారం రాత్రి 9:52

ఆఫీసు ల్యాప్‌టాప్ అండీ, అందులో మార్చలేను. మా మేనేజర్‌కి లక్షల్లో రిపోర్ట్ పంపితే ఇంకేమన్నా ఉందా 😄 నాన్నగారినే ఫోటో తీసి పంపమంటా.

---

చిట్టా ఆవర్జా · సోమవారం రాత్రి 10:05

మాస్టారూ, ఒకటి మర్చిపోయాను, ఇది ముఖ్యం. "అంకె మారదు" అన్నది ఎక్సెల్ ఫైల్ ఉన్నంతవరకే. దాన్ని సీఎస్‌వీగా సేవ్ చేస్తే లోపలిది కాదు, పైకి కనిపించేదే ఫైల్‌లోకి వెళ్తుంది.

మా దగ్గరికి వచ్చిన ఒక లెక్కలో, సరిగ్గా మీ మేనల్లుడి ఫార్మాటే, మైనస్ లేని ఎరుపు. వాపసు వచ్చిన సరుకు విలువలన్నీ ఎర్రగా ఉన్నాయి, వాళ్ళకి చూడగానే తెలుస్తుంది. ఎవరో సీఎస్‌వీ చేసి ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించారు. రంగు పోయింది, మైనస్ ముందే లేదు. వాపసులన్నీ అమ్మకాలైపోయాయి. ఈసారి అసలు అంకే తిరగబడింది, పైగా ఎక్కడా తప్పు అని రాలేదు. మూడు రోజులు వెతికాం.

మీ కొత్త ఫార్మాట్‌తో చేస్తే "బాకీ 6,000" అన్న మాటలే వెళ్తాయి, అవతల సాఫ్ట్‌వేర్ కనీసం ఒప్పుకోనంటుంది. సెల్స్ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసినా ఇంతే. కాబట్టి సీఎస్‌వీ తీసేముందు ఆ కాలమ్‌ని General చేయండి, తీశాక మళ్ళీ రంగులు పెట్టుకోండి.

---

మిర్చి యార్డు · మంగళవారం ఉదయం 6:30

160 తీసేశాక ఆరొందల్లో అన్నీ అంకెలైనయ్, నాలుగు తప్ప. ఆ నాలుగింటికి ఇంకా `#VALUE!` అనే అంటంది. యార్డుకు పోయే టైమైంది, సాయంత్రం చూస్తా.

---

బెజవాడ 302 · మంగళవారం రాత్రి 8:50

కొత్త కాగితం అంటించాను. హెడ్డింగ్ "నిల్వల పట్టిక" అని మార్చాను. 101 ఆయన కళ్ళజోడు పెట్టుకుని తన వరస మూడుసార్లు చదివి, "అడ్వాన్స్ 6,000" అని పైకి చదివి మరీ వెళ్ళారు. 307 దగ్గర F2 కొట్టగానే బ్యాంకు లెక్క సరిపోయింది.

పావలాల సంగతి కమిటీలో పెట్టాను. బిల్లు సవరించాలని ముగ్గురు, 405 వాళ్ళు రూపాయికి సవరించి కట్టాలని ఇద్దరు. వచ్చే ఆదివారానికి వాయిదా పడింది. అప్పటిదాకా `#,##0.00` పెట్టాను.

204 ఆయన ఇందాక మెట్ల మీద కనిపించారు. "మాస్టారూ, ఆ బాకీ అన్న మాట బదులు మొన్నటిలాగా అంకె ఒక్కటే పెడితే నీటుగా ఉండేది కదా" అన్నారు.